అప్రైజల్ రాకముందే జీతం సరిచేయమని అడగొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లుగా టెస్టింగ్ ఇంజనీరుగా చేస్తున్నాను. నా ప్యాకేజీ 9.6 లక్షలు. ఆగస్టులో మా టీమ్‌లో ఇదే పనికి చేరిన అబ్బాయికి 13.5 లక్షలు ఇచ్చారట, లంచ్‌లో తనే చెప్పాడు. అతనికి పని నేర్పింది నేనే. అప్రైజల్ ఏప్రిల్‌లో. అప్పటిదాకా ఆగకుండా పెంచమనే హక్కు నాకుందా? — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అడగడం తప్పు కాదు. కానీ బయట మార్కెట్‌లో ఎంత ఇస్తున్నారో మీకూ అంతే ఇచ్చి తీరాలని ప్రైవేటు కంపెనీని కట్టిపడేసే చట్టం లేదు. మీ జీతం మీ అపాయింట్‌మెంట్ లెటర్ మీద నడుస్తుంది. జీతం సవరణ యాజమాన్యం విచక్షణ అని చాలా లెటర్లలో రాసి ఉంటుంది, ముందు మీదాంట్లో ఏముందో చూసుకోండి.

చట్టం నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. వేతనాల కోడ్, 2019 ప్రకారం ఒకే పని చేసే ఆడవాళ్లకీ మగవాళ్లకీ జీతంలో తేడా చూపకూడదు. అయితే నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకేలా ఉంటేనే అది 'ఒకే పని' అవుతుంది. అతనికి ఎనిమిదేళ్ల అనుభవం ఉంటే మీ వాదన నిలవదు. ఇద్దరిదీ నాలుగేళ్లే, మీ టీమ్‌లో మిగతా ఆడవాళ్లకీ తక్కువే అయితే అప్పుడది మార్కెట్ సమస్య కాదు, వివక్ష ఫిర్యాదు. ఆ దారిలో వెళ్లేముందు కాగితాలతో లాయరును కలవండి.

మీరు రాసినదాన్ని బట్టి నాకు కనిపిస్తున్నది మాత్రం మామూలు మార్కెట్ తేడానే. కొత్తవాళ్లను ఈనాటి రేటుకు తీసుకుంటారు, పాతవాళ్ల జీతం చేరిన రోజు రేటు మీద ఏటా కొంచెం కొంచెంగా పెరుగుతుంది. మధ్యలో చేసే సవరణ ఈ తేడాను పూడ్చడానికే. బాగా పని చేసినందుకు ఇచ్చేది ఇంక్రిమెంట్, అది ఏప్రిల్ మాట. ఈ రెండూ కలిపి అడిగితే 'అప్రైజల్‌లో చూద్దాం' అని మేనేజర్ సులువుగా తప్పించుకుంటారు.

కాబట్టి లెక్కతో అడగండి. మీ గ్రేడు జీతం బ్యాండ్ ఎంతని హెచ్ఆర్‌ని అడగండి. 11 నుంచి 15 లక్షలు అన్నారనుకుందాం. మధ్య అంకె 13. మీ 9.6 దానిలో 74 శాతం మాత్రమే. హెచ్ఆర్ వాళ్లు దీన్నే కంపా రేషియో అంటారు. అసలు బ్యాండ్ అడుగు కంటే కిందే ఉన్నారంటే మీ కేసు గట్టిదన్నట్టే. బ్యాండ్ చెప్పకపోతే, మీ నగరంలో మీ అనుభవానికి జీతం రాసిన ఉద్యోగ ప్రకటనలు నాలుగైదు తీసి పెట్టుకోండి.

ఆ అబ్బాయి జీతం అంకె మెయిల్‌లో రాయకండి. జీతం బయటపెట్టకూడదన్న షరతు చాలా లెటర్లలో ఉంటుంది, మీరు రాస్తే ఇబ్బంది అతనికి. ముందు మేనేజర్‌తో మాట్లాడి, అదే రోజు ఇలా మెయిల్ పెట్టండి: 'నా ప్రస్తుత జీతం ఈ గ్రేడు బ్యాండ్ కంటే తక్కువగా ఉంది. ఫిక్స్‌డ్ జీతాన్ని 12.5 లక్షలకు సవరించాలని కోరుతున్నాను. ఇది వార్షిక ఇంక్రిమెంట్‌కు సంబంధం లేని అభ్యర్థన. ఈ నెలాఖరులోగా నిర్ణయం తెలియజేయగలరు.' మేనేజర్ ఒప్పుకున్నా హెచ్ఆర్, ఫైనాన్స్ కూడా సరే అనాలి. అందుకే వాళ్లు పైకి పంపగలిగే కాగితం మీరే తయారుచేసి ఇస్తున్నారన్నమాట. లేని ఆఫర్ లెటర్ సృష్టించి చూపించడం మాత్రం వద్దే వద్దు. అది ఫోర్జరీ, ఉద్యోగమూ పోతుంది, క్రిమినల్ కేసూ పడొచ్చు.

పెంచుతామంటే అసలు జాగ్రత్త అక్కడే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అంకె చూసి సంతకం పెట్టి, తర్వాత రెండో పేజీ తెచ్చి చూపిస్తారు. అందులో నోటీసు 60 రోజుల నుంచి 90కి మారి ఉంటుంది, లేదా ఏడాదిలోపు మానేస్తే ఇంత కట్టాలని బాండ్ ఉంటుంది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండ్‌లో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు సబబైన పరిహారమే ఇప్పిస్తుంది. అయినా రిలీవింగ్ లెటర్ కోసం తిరిగే టెన్షన్ మీదే. పెరిగినదంతా వేరియబుల్‌లో పెట్టారేమో, ఏ తేదీ నుంచి వర్తిస్తుందో, ఈ సవరణ వల్ల ఏప్రిల్ ఇంక్రిమెంట్ ఎగిరిపోతుందేమో చూడండి. ఆ చివరిది ఉంటే, తీసేయమని సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి.