జిల్లా మ్యాపు జిరాక్స్‌లోనూ చదవగలిగేలా ఉండాలంటే క్లాసులు, రంగులు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: పాత పది జిల్లాల తెలంగాణ మ్యాపులో 2011 అక్షరాస్యత శాతం చూపిస్తున్నాను. QGISలో `Equal Interval`, ఐదు క్లాసులు, `RdYlGn` రంగులు పెట్టాను. స్క్రీన్ మీద బాగానే ఉంది. జిరాక్స్ తీయిస్తే మహబూబ్‌నగర్, హైదరాబాద్ రెండూ ముదురుగా, మన నల్గొండతో సహా మిగతావన్నీ ఒకే బూడిద రంగులో వస్తున్నాయి. ఏం మార్చాలి?

జవాబు: జిరాక్స్ మెషీన్ తప్పేమీ లేదు. క్లాసుల్లో ఒక లోపం, రంగుల్లో ఇంకో లోపం ఉన్నాయి. రెండూ కలిసి మ్యాపును చెడగొట్టాయి. ముందు క్లాసుల సంగతి చూద్దాం, ఎందుకంటే అవి సరిగా లేకపోతే ఎంత మంచి రంగులు వేసినా లాభం లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత కింది నుంచి పైకి ఇలా ఉంది: మహబూబ్‌నగర్ 55.0, ఆదిలాబాద్ 61.0, నిజామాబాద్ 61.3, మెదక్ 61.4, కరీంనగర్ 64.2, నల్గొండ 64.2, ఖమ్మం 64.8, వరంగల్ 65.1, రంగారెడ్డి 75.9, హైదరాబాద్ 83.3. ఈ అంకెల్ని కాగితం మీద ఒక గీత గీసి చుక్కలుగా పెట్టి చూడండి. చుక్కలు సమాన దూరంలో లేవు. 61 దగ్గర మూడు, 64-65 దగ్గర నాలుగు గుంపులుగా చేరాయి. మహబూబ్‌నగర్ కింద ఒంటరిగా ఉంది, రంగారెడ్డి, హైదరాబాద్ పైన దూరంగా ఉన్నాయి.

`Equal Interval` ఈ గుంపుల్ని చూడదు. 55 నుంచి 83.3 దాకా ఉన్న దూరాన్ని అయిదు సమాన ముక్కలు చేస్తుంది, ఒక్కోటి దాదాపు 5.6. రెండో ముక్క సుమారు 60.7 నుంచి 66.3 దాకా వస్తుంది కాబట్టి ఏడు జిల్లాలు అందులోనే పడ్డాయి. మూడో ముక్కలో ఒక్క జిల్లా కూడా లేదు. అంటే మీ లెజెండ్‌లో ఉన్న ఒక రంగు మ్యాపులో ఎక్కడా కనపడదు. మీ లెజెండ్ ఇప్పుడే తెరిచి చూసుకోండి, నడిమి రంగు ఖాళీగా ఉంటుంది.

దీనికి విరుగుడుగా చాలామంది `Equal Count (Quantile)` వేస్తారు. క్లాసుకు రెండేసి జిల్లాలు వస్తాయి, మ్యాపు నిండుగా కనిపిస్తుంది. కానీ ఆరు శాతం తేడా ఉన్న మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ ఒకే రంగులో కలుస్తాయి. అర శాతం కూడా తేడా లేని ఆదిలాబాద్, నిజామాబాద్ మాత్రం విడిపోతాయి. చూసేవాళ్లు లేని తేడాను ఉందనుకుంటారు. ఇంత తక్కువ జిల్లాలకు ఆ పద్ధతి నేను వద్దంటాను.

`Natural Breaks (Jenks)` గుంపుల మధ్య ఉన్న ఖాళీల దగ్గర కోస్తుంది, మనకు కావలసింది అదే. అయితే అది ఇచ్చే హద్దులు 61.42 లాంటి అంకెలు, పైగా అవి ఏదో ఒక జిల్లా విలువే అయి ఉంటాయి. అందుకని దాన్ని సూచనగా తీసుకుని, హద్దుల్ని ఖాళీల్లోకి జరిపి గుండ్రటి అంకెలు చేయండి. ఇక్కడ 60, 63, 70, 80 సరిగ్గా సరిపోతాయి. అప్పుడు మహబూబ్‌నగర్ ఒక్కటే 60 లోపు, 60-63లో మూడు, 63-70లో నల్గొండతో కలిపి నాలుగు, 70-80లో రంగారెడ్డి, 80 పైన హైదరాబాద్. ఏ జిల్లా విలువా హద్దు మీద పడదు కాబట్టి అది ఏ క్లాసులోకి వెళ్తుందన్న గొడవ లేదు. `Symbology`, `Graduated`లో క్లాసు విలువ మీద డబుల్ క్లిక్ చేసి మార్చుకోవచ్చు. `Link class boundaries` టిక్ చేసి ఉంచితే పక్క క్లాసు హద్దు కూడా దానంతటదే మారుతుంది.

ఇక రంగులు. జిరాక్స్‌కు ఎరుపు, పచ్చ తెలియవు, ముదురు, లేత మాత్రమే తెలుసు. ఒక రంగు బూడిదలో ఎంత లేతగా వస్తుందో ఈ లెక్కతో దాదాపు తెలుస్తుంది (0 నలుపు, 255 తెలుపు):

```
0.299*R + 0.587*G + 0.114*B
```

`RdYlGn` అయిదు రంగులకు ఈ లెక్క వేస్తే వరసగా 82, 189, 248, 189, 103 వస్తాయి. రెండోది, నాలుగోది రెండూ 189. నల్గొండ ఉన్న ఏడు జిల్లాల గుంపు నారింజ రంగులో, రంగారెడ్డి లేత పచ్చలో ఉన్నాయి కాబట్టి ఎనిమిదీ ఒకే బూడిదగా వచ్చాయి. అటు చివరి ఎరుపు 82, ఇటు చివరి పచ్చ 103. అందుకే అందరికన్నా కింద ఉన్న జిల్లా, పైన ఉన్న జిల్లా అన్నదమ్ముల్లా కనిపిస్తున్నాయి. ఇలా రెండు వైపులా ముదిరే రంగులు, రాష్ట్ర సగటు లాంటి నడిమి గీతకు అటూ ఇటూ చూపించేటప్పుడు పనికొస్తాయి. తక్కువ నుంచి ఎక్కువకు పోయే శాతానికి ఒకే రంగు లేత నుంచి ముదురుకు వెళ్లాలి.

`Blues` అలాంటిదే, కానీ QGISలో దాని మొదటి రంగు `#f7fbff`. లెక్కలో 250, అంటే దాదాపు తెల్ల కాగితమే. లేజర్ ప్రింటర్ లేత రంగును చిన్న చిన్న చుక్కలుగా వేస్తుంది, జిరాక్స్ ఆ చుక్కల్ని మింగేస్తుంది. అప్పుడు మహబూబ్‌నగర్ రంగు వేయని జిల్లాలా, సమాచారం లేని జిల్లాలా కనిపిస్తుంది. అందుకే ఈ అయిదు వాడండి:

```
#deebf7
#9ecae1
#5a9bd0
#2171b5
#08306b
```

ఇవి బూడిదలో 232, 191, 142, 97, 43 అవుతాయి. ఏ రెండు పక్క రంగుల మధ్యనైనా 40కి తగ్గకుండా తేడా ఉంది. నా అనుభవంలో ఈ తేడా 30 కన్నా తగ్గితే, పక్కపక్కన ఉన్న జిల్లాలు తెలిసినా దూరంగా ఉన్నదాన్ని లెజెండ్‌తో పోల్చడం కుదరదు. ఆరో క్లాసు పెట్టాలనిపిస్తే ఇదే అడ్డం వస్తుంది. జిరాక్స్‌కు వెళ్లే మ్యాపుకు అయిదే ఎక్కువ, నాలుగైతే ఇంకా మేలు.

చిన్న జిల్లా ఇబ్బంది ఒకటుంది. హైదరాబాద్ చుట్టూ రంగారెడ్డే, రెండూ ముదురు రంగులే. హద్దు గీతలు నల్లగా ఉంటే హైదరాబాద్ అందులో మునిగిపోతుంది. గీతల్ని తెల్లగా, 0.3 మి.మీ. మందంతో పెట్టండి, మ్యాపు బయటి అంచుకు మాత్రం ముదురు బూడిద గీత ఉండాలి. ముదురు జిల్లాల మీద పేర్లు నల్ల అక్షరాల్లో కనపడవు, వాటికి తెల్ల `Buffer` ఇవ్వండి. మీరు ఎత్తి చూపాలనుకున్నది మహబూబ్‌నగర్ వెనుకబాటే అయితే, `Value` దగ్గర `100 - "literacy"` అని రాసి నిరక్షరాస్యతను చూపించండి (`literacy` బదులు మీ కాలమ్ పేరు). అప్పుడు హద్దులు 20, 30, 37, 40 అవుతాయి. కన్ను ముందు ముదురు చోటికే పోతుంది, ఆ చోటు మహబూబ్‌నగర్ అవుతుంది.

ప్రింట్‌కు పంపే ముందు `View`లో `Preview Mode`కి వెళ్లి గ్రేస్కేల్‌లో చూడండి. అది సగం పరీక్షే. అసలు పరీక్షకు అయిదు రంగుల గడులున్న చిన్న కాగితం ప్రింట్ తీసి, దానికి జిరాక్స్, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీయించండి. రెండో కాపీలో గడుల్ని కత్తిరించి కలిపేసి, మళ్లీ వరసలో పెట్టగలిగితే రంగులు నిలిచినట్టే. ఏ రెండు తారుమారైతే వాటి మధ్య తేడా పెంచండి.

పక్కన 2001 మ్యాపు కూడా పెట్టే ఆలోచన ఉంటే ఈ హద్దులు సరిపోవు. మహబూబ్‌నగర్ అప్పుడు 44.4, 2011లో 55.0. రెండూ 60 లోపే కాబట్టి పదేళ్లలో పెరిగింది కనపడదు. అప్పుడు 80 తీసేసి కింద 50 చేర్చి, 50, 60, 63, 70 హద్దుల్ని రెండు మ్యాపులకూ ఒకేలా వాడండి. మహబూబ్‌నగర్ ఒక మెట్టు ఎక్కుతుంది, 57.2 నుంచి 64.2కు వచ్చిన నల్గొండ రెండు మెట్లు ఎక్కుతుంది. హైదరాబాద్, రంగారెడ్డి 2011 మ్యాపులో ఒకే రంగులో కలుస్తాయి కాబట్టి ఆ రెండింటి మీదా శాతం అంకె రాసేయండి.