నల్లరేగడిలో వాడుక నీటికి సోక్ పిట్: లోతు, వెడల్పు, కంకర లెక్క

ప్రశ్న: గుంటూరు శివారులో ఇల్లు కట్టుకున్నాం, ఐదుగురం ఉంటాం. వీధిలో డ్రైనేజీ లేదు. స్నానాలు, బట్టలు, వంటగది నీళ్లకు సోక్ పిట్ ఎంత తవ్వాలి, కంకర ఎంత పోయాలి? మూడడుగుల గుంట చాలని మేస్త్రీ అంటున్నారు. మాది నల్లరేగడి నేల.

జవాబు: నీటిని పీల్చేది కంకర కాదు, గుంట చుట్టూ ఉన్న మట్టి. కంకర గోడలు కూలకుండా ఆపుతుంది, ఒకేసారి వచ్చిన నీటిని కాసేపు నిలిపి ఉంచుతుంది, అంతే. కాబట్టి ముందు మీ మట్టి రోజుకు ఎంత నీరు తాగగలదో తెలుసుకోవాలి, ఆ తరువాతే గుంట కొలత. గోరంట్లలో మా పెదనాన్నగారి ఇంటికి మేము చేసిన లెక్కనే ఇక్కడ చెబుతాను. అక్కడా ఐదుగురే, అక్కడా పైన నల్లరేగడే.

మొదట గునపంతో అడుగు వెడల్పు గుంత తీసి, అడుగున రెండంగుళాల మందాన చిన్న కంకర పరిచి, రాత్రంతా నీటితో నింపి ఉంచాము. నల్లరేగడిలో ఇది తప్పనిసరి, ఎందుకంటే ఎండాకాలంలో ఆ నేల బీటలువారి ఉంటుంది, పోసిన నీరంతా బీటల్లోకి పోయి మట్టి బాగా పీలుస్తున్నట్టు కనిపిస్తుంది, తడిసి ఉబ్బిన తరువాతే దాని అసలు స్వభావం బయటపడుతుంది. మర్నాడు కంకర పైన 15 సెంటీమీటర్ల నీరు నిలిపి అరగంటలో ఎంత దిగిందో స్కేలుతో చూసి, దిగినంత మళ్లీ పోస్తూ, చివరి అరగంట కొలతను తీసుకోవాలి. మాకు పైమట్టిలో ఒక్క సెంటీమీటరే దిగింది. అంటే 25 మిల్లీమీటర్లు దిగడానికి 75 నిమిషాలు. 30 నిమిషాలు దాటితే ఆ మట్టి సోక్ పిట్‌కు పనికిరాదు. మీటరు కింద మొరం తగిలింది. అక్కడ ఇదే పరీక్ష చేస్తే అరగంటలో 6.25 సెంటీమీటర్లు దిగింది, అంటే 25 మిల్లీమీటర్లకు 12 నిమిషాలు.

ఆ నిమిషాలను t అనుకుంటే, ఒక చదరపు మీటరు మట్టి గోడ రోజుకు పీల్చే లీటర్లకు భారత ప్రమాణం IS 2470లోని సూత్రం ఇది:

```
Q = 204 / √t
204 / √12 ≈ 59
350 / 59 ≈ 5.9
```

బకెట్లతో కొలిస్తే వాడుక నీరు మనిషికి రోజుకు సుమారు 70 లీటర్లు వచ్చింది, అంటే ఇంటికి 350. కాబట్టి కావలసిన గోడ వైశాల్యం 5.9 చదరపు మీటర్లు. గుంట అడుగును లెక్కలోకి తీసుకోకూడదు, అది సబ్బు మడ్డితో త్వరగా మూసుకుపోతుంది. పైపు దిగే మట్టానికి పైనున్న గోడ కూడా లెక్కలోకి రాదు. 1.2 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి గుంట చుట్టుకొలత 3.77 మీటర్లు, కనుక పైపు కింద 1.57 మీటర్ల లోతు కావాలి. మేము 1.7 తీయించి, నల్లమట్టి అయిపోయే చోట పైపు దించాము. మేస్త్రీ గారు చెప్పిన మూడడుగుల చదరపు గుంటకు గోడలు సుమారు 3.3 చదరపు మీటర్లే. మొరంలో తవ్వినా 200 లీటర్లకు మించి పీల్చదు, నల్లరేగడిలో అయితే అది కూడా ఆశించలేము.

జేసీబీతో తీయిస్తే బకెట్ రాసుకున్న చోట గోడ నున్నగా మెరుస్తుంది. ఆ పొర నీటిని పోనివ్వదు, కంకర వేయకముందే గునపం మొనతో గీకించండి.

నింపడానికి క్రషర్ నుంచి 40 నుంచి 63 ఎం.ఎం. కంకర సుమారు 68 ఘనపుటడుగులు పట్టింది. మెరకకు తోలే ఎర్ర గ్రావెల్ వేయకండి, అందులోని మన్ను సందులను పూడ్చేస్తుంది. డస్ట్ ఉంటే కడిగించండి. రాళ్ల మధ్య ఖాళీ దాదాపు 40 శాతం ఉంటుంది కనుక సుమారు 750 లీటర్లు నిలుస్తాయి, పండుగనాడు బంధువులు వచ్చినా ఇబ్బంది ఉండదు. పెద్దవి అడుగున, చిన్నవి పైన వేయాలనే వరుస వల్ల పీల్చే శక్తి పెరగదు, ఒకే సైజు రాయి చాలు. పైన గోనెసంచి కప్పితే కుళ్లి మట్టి కిందికి జారుతుంది, మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి ఆపైన మట్టి వేయండి.

వంటగది నీటిని నేరుగా వదలకూడదు. జిడ్డు గోడకు పట్టి నల్లటి పొరగా మారితే పీల్చడం ఆగిపోతుంది. ముందు రెండు గదుల చాంబరు కట్టి, పైన తేలే జిడ్డును వారానికోసారి తీసేయాలి. కంకర పోసేటప్పుడే రంధ్రాలు పెట్టిన నాలుగంగుళాల పీవీసీ పైపును అడుగుదాకా నిలబెట్టి మూత పెట్టండి. తెల్లవారుజామున, ఎవరూ నీళ్లు వాడకముందు, అందులో కర్ర దించి చూస్తే తడి అడుగునే ఉండాలి. వరుసగా కొన్ని రోజులు తడి గుంటలోకి నీరు వచ్చే పైపు మట్టం దాకా ఉంటే గోడ మూసుకుపోయినట్టు. అప్పుడు రెండో గుంటకు నీరు మళ్లించి మొదటిదాన్ని కొన్ని నెలలు ఆరనివ్వాలి, అందుకు ఇప్పుడే స్థలం వదులుకోండి.

తవ్వే ముందు పక్కింటి బావిలో వానాకాలపు నీటి మట్టం అడిగి తెలుసుకోండి. గుంట అడుగుకూ ఆ మట్టానికీ మధ్య కనీసం 1.5 మీటర్లు ఉండాలి. తాగునీటి బావికీ బోరుకూ 18 మీటర్ల దూరం పాటించండి. విజయవాడ, తెనాలి వైపు కాలువల కింది పొలాల్లో వానలకు నీరు మీటరు లోతులోనే ఉంటుంది కాబట్టి అక్కడ ఇంత లోతు గుంట కుదరదు, తక్కువ లోతులో పొడవాటి కంకర కందకం తీయించుకుంటారు. మీకు మొరం ఎంత లోతులో తగిలిందో, అరగంటలో ఎంత నీరు దిగిందో రాస్తే కొలతలు లెక్కకట్టి చెబుతాను.