పది శాతం డివిడెండ్ అన్నారు, లెక్క కుదరడం లేదు

ప్రశ్న: మాది మూడు రాష్ట్రాల్లో పనిచేసే ఉద్యోగుల పరపతి సహకార సంఘం. 2024-25కి పది శాతం డివిడెండ్ అని మహాసభలో ప్రకటించారు. మార్చి 31 నాటికి నా వాటా ధనం 72,000 రూపాయలు. 7,200 వస్తుందనుకుంటే 4,550 మాత్రమే జమ అయింది. పాసుబుక్కులో దాన్ని ‘వాటా ధనంపై వడ్డీ’ అని రాశారు. తప్పు ఎక్కడుంది? అసలు అంత ఇచ్చే స్థోమత సంఘానికి ఉందా? లెడ్జరు నకలు, నియమావళి, వార్షిక నివేదిక పంపుతున్నాను.
– ఒక సభ్యుడు, విజయవాడ

జవాబు: మీకు 7,200 రావు. అలాగని 4,550 కూడా సరైన మొత్తం కాదు. మీకు రావలసింది 5,383 రూపాయలు. 833 తక్కువ పడింది, అది ఎక్కడ జారిపోయిందో మీ లెడ్జరులోనే కనిపిస్తోంది.

డివిడెండ్‌ను మార్చి 31 నాటి నిల్వ మీద కట్టరు. డబ్బు సంఘం దగ్గర ఎన్ని నెలలు ఉందో చూసి కడతారు. మీ నియమావళి ప్రకారం ఒక నెలలో జమైన వాటా మరుసటి నెల నుంచి లెక్కకు వస్తుంది. వెయ్యి రూపాయలు ఒక నెల ఉంటే ఒక యూనిట్ అనుకోండి. ఏప్రిల్ 1న మీకు ఉన్న 40,000 పన్నెండు నెలలూ ఉంది కాబట్టి 480 యూనిట్లు. జీతంలో నెలనెలా కోసే వెయ్యిలో ఏప్రిల్‌ది పదకొండు నెలలకు, మే నెలది పది నెలలకు లెక్కకొస్తుంది. అలా తగ్గుతూ పోయి మార్చిది సున్నా అవుతుంది. మొత్తం 66. అక్టోబరులో అప్పు తీసుకున్నప్పుడు అందులోంచి వాటాగా పట్టుకున్న 20,000 నవంబరు నుంచి అయిదు నెలలు ఉంది కాబట్టి అది 100. అన్నీ కలిపితే 646. దాన్ని పన్నెండుతో భాగిస్తే ఏడాది సగటు వాటా 53,833 రూపాయలు, అందులో పది శాతం 5,383.

ఇందులోంచి అప్పు తాలూకు 100 యూనిట్లు తీసేసి చూడండి. 546 మిగులుతాయి, డివిడెండ్ సరిగ్గా 4,550 వస్తుంది. అంటే ఆ 20,000ను వాళ్లు లెక్కలోకే తీసుకోలేదు. లెడ్జరులో ఆ మొత్తం అక్టోబరులో లేదు, 31-3-2025 తేదీన ‘సర్దుబాటు’ అని ఒకే పద్దుగా పడింది. అప్పు ఇచ్చిన రోజున దాన్ని తాత్కాలికంగా ఉంచే అనామతు ఖాతాలో వేసి, ఏడాది చివర వాటా ఖాతాకు మార్చినట్లుంది. అప్పుతో ముడిపడిన వాటాల దగ్గర ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. మీ దగ్గర అక్టోబరు నాటి అప్పు చెల్లింపు వోచరు ఉండే ఉంటుంది, అందులో 20,000 కోత రాసి ఉంటుంది. దాని నకలు జతచేసి, వాటా ఆ తేదీ నుంచే ఉన్నట్లు సరిదిద్ది 833 రూపాయలు జమ చేయమని కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ ఏడాది అప్పు తీసుకున్న మీ తోటివారి పాసుబుక్కులు కూడా చూడండి. మీ ఒక్కరికే ఇలా జరిగి ఉంటుందని నేను అనుకోను.

ఇక ‘వడ్డీ’ అన్న మాట. మీ పొదుపు డిపాజిట్ మీద సంఘం ఇచ్చేది వడ్డీ. అది ఖర్చు, లాభం వచ్చినా రాకపోయినా ఇవ్వాల్సిందే. వాటా ధనం మీద ఇచ్చేది నికర లాభం తేలాక, మహాసభ ఆమోదించాక పంచేది. పాసుబుక్కులో పేరు తప్పు పడితే పెద్ద నష్టం లేదు. కానీ లాభనష్టాల ఖాతాలో ఖర్చు కింద చూపితే మాత్రం ఊరుకోకూడదు. మీ సంఘం నికర లాభం 2.40 కోట్లు, డివిడెండ్ 1.70 కోట్లు. ఆ 1.70 కోట్లను ముందే ఖర్చుగా రాసి ఉంటే లాభం 70 లక్షలే కనిపించేది. లాభంలో పావు వంతు చొప్పున రిజర్వు నిధికి 60 లక్షలు వెళ్లాల్సిన చోట 17.5 లక్షలే వెళ్లేవి. మీ నివేదికలో ఖర్చుల కింద పొదుపు డిపాజిట్ల వడ్డీ మాత్రమే ఉంది, ఆ విషయంలో సంఘం తప్పు చేయలేదు.

స్థోమత సంగతి చూద్దాం. ముందు ఒక చిన్న పరీక్ష. 1.70 కోట్లు పది శాతమైతే, డివిడెండ్ కట్టిన వాటా ధనం 17 కోట్లు. నివేదికలో వాటా ధనం ఏడాది మొదట 16 కోట్లు, చివర 18 కోట్లు. 17 ఆ రెంటి మధ్యలో ఉంది, నమ్మదగిన అంకె. 18 దాటి ఉంటే సభ్యుల వాటాల జాబితాకూ ఆస్తి అప్పుల పట్టీకీ పొంతన లేదని అర్థం.

మీది ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల సంఘం కాబట్టి 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం నికర లాభంలో కనీసం 25 శాతం రిజర్వు నిధికి, 10 శాతం అనుకోని నష్టాల నిధికి, 1 శాతం సహకార విద్యా నిధికి పోవాలి. 2023 సవరణ తర్వాత, మూడేళ్లుగా లాభంలో ఉన్న సంఘం పునరావాస నిధికి ఒక శాతం లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది కట్టాలి. మీకు ఇవన్నీ కలిపి 37 శాతం, అంటే 88.8 లక్షలు. పంచడానికి మిగిలేది 1.51 కోట్లు. పంచింది 1.70 కోట్లు. నిబంధనల్లో డివిడెండ్‌కు 20 శాతం పరిమితి ఉంది కాబట్టి పది శాతం రేటు దానికదే తప్పు కాదు, కానీ ఈ ఏడాది లాభం దానికి చాలలేదు.

లోటు దాదాపు 19 లక్షలు. దాన్ని గత ఏడాది పంచకుండా ఉంచిన 31 లక్షల మిగులు నుంచి పూడ్చారు. అది ఒకసారి చేయగల పని. లాభం ఇంతే ఉంటే వచ్చే ఏడాది 18 కోట్ల వాటా మీద 1.51 కోట్లు 8.4 శాతానికే సరిపోతాయి.

నాకు ఇంతకంటే బెంగ కలిగించేది మరో వరుస. ఆస్తుల వైపు ‘రావలసిన వడ్డీ’ 46 లక్షల నుంచి 78 లక్షలకు పెరిగింది, అది వసూలు కాకపోతే పూడ్చుకోవడానికి అప్పుల వైపు ఎలాంటి కేటాయింపూ లేదు. జీతంలో కోసే అప్పుల మీద వడ్డీ సాధారణంగా నిలిచిపోదు. ఉద్యోగం మానేసినవారో, సస్పెన్షన్‌లో ఉన్నవారో, చనిపోయినవారో ఉంటేనే పేరుకుంటుంది. మార్చి జీతంతో ఏప్రిల్‌లో వచ్చేసిన వడ్డీ కూడా ఇందులో కొంత ఉండవచ్చు, అది వేరు. కానీ పెరిగిన 32 లక్షలూ వసూలు కానివే అయితే నిజమైన లాభం 2.08 కోట్లు. అందులో 37 శాతం పోతే 1.31 కోట్లు, పాత 31 లక్షలు కలిపినా 1.62 కోట్లు. అంటే సుమారు 8 లక్షలు చేతికి రాని డబ్బును కూడా పంచినట్లు.

కాబట్టి కార్యదర్శికి ఇచ్చే ఉత్తరంలోనే రెండో కోరికగా, రావలసిన వడ్డీ 78 లక్షల్లో ఎంత ఏప్రిల్‌లో వసూలైందో, ఎంత వాయిదా మీరిన అప్పులదో విడదీసి చెప్పమని అడగండి. మీ 833 రూపాయల విషయంలో జవాబు రాకపోతే, సభ్యుల వ్యక్తిగత హక్కుల ఫిర్యాదుల కోసం 2023 సవరణతో వచ్చిన సహకార అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అప్పుడు అక్టోబరు వోచరు, మార్చి 31 నాటి లెడ్జరు పేజీ రెండూ జతచేయండి.