ఏజెంటు దగ్గర మిగిలిన సరుకు ఎవరి ఖాతాలో?

“100 బస్తాల మిర్చి చెన్నై ఏజెంటుకి పంపి సేల్స్‌లో రాశాను. మార్చి 31కి 60 అమ్ముడయ్యాయి. లాభం ఎక్కువ చూపిస్తోంది, ఎందుకు?”

పంపిన రోజే అమ్మకం రాసేశారు, అదే తప్పు. ఏజెంటు ద్వారా అమ్మించడానికి ఇలా సరుకు పంపడమే కన్సైన్‌మెంట్, అమ్ముడయ్యేదాకా అది మీ సరుకే. అందుకే మిగిలిన 40 బస్తాలు ఇంకా మీవే.

1. సేల్స్ ఎంట్రీ రివర్స్ చేసి, కన్సైన్‌మెంట్ ఖాతా డెబిట్, కన్సైన్‌మెంట్‌పై పంపిన సరుకు ఖాతా క్రెడిట్ రాయండి, అసలు ధరకే.

2. 60 బస్తాల అమ్మకానికి ఏజెంటు ఖాతా డెబిట్, కన్సైన్‌మెంట్ క్రెడిట్. చాలామంది తప్పేది ఇక్కడే: లెక్కలోకి వచ్చేది ఏజెంటు అమ్మిన తేదీ. ఏజెంటు పంపే అమ్మకాల లెక్క, అంటే అకౌంట్ సేల్స్, ఏప్రిల్ 6న చేరినా, మార్చి 29 అమ్మకం మార్చిదే.

3. బస్తా ధర 10,000, లారీ కిరాయి 20,000, దించిన కూలి 5,000 అనుకుంటే బస్తాకి 10,250 పడుతుంది. ముగింపు సరుకు 4,10,000. కమీషన్, అమ్మకానికైన ఖర్చులు ఇందులో కలపకండి.

పంపేటప్పుడు జీఎస్టీ ఇన్వాయిస్ ఇచ్చి ఉన్నా, అది పన్ను వరకే, అమ్మకం కాదు.