ఎస్క్రో స్టేట్‌మెంట్‌ను పని దశలతో సరిచూడటం

భీమవరంలో ఫ్లాట్ కొన్నాం. బిల్డర్ మా సంఘానికి ఎస్క్రో ఖాతా స్టేట్‌మెంట్ ఇచ్చారు. తీసిన డబ్బు జరిగిన పనికి తగ్గట్టుందో లేదో ఎలా చూడాలి?

ఒక్కో విత్‌డ్రాయల్‌ను ఒక్కో స్లాబ్‌తో జత చేయకండి, మొదటి నుంచి తీసిన మొత్తం కూడి చూడండి. 2016 రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ఈ ఖాతాలో పడాలి. అది నిర్మాణానికీ స్థలం ఖర్చుకే వాడాలి. ఇంజనీరు, ఆర్కిటెక్ట్, సీఏ ధ్రువీకరించిన పని శాతం మేరకే తీయాలి.

ఉదాహరణకు స్థలంతో కలిపి అంచనా 20 కోట్లు, ధ్రువీకరించిన పని 30 శాతం అనుకుందాం. అప్పటిదాకా తీయగలిగేది 6 కోట్లు. కొనుగోలుదారులు 10 కోట్లు కట్టి ఉంటే జమ కనీసం 7 కోట్లు ఉండాలి. తీసింది 6.8 కోట్లయితే ఆ 80 లక్షలకు లెక్క అడగండి.

సైట్‌లో పిల్లర్లే కనిపిస్తున్నాయని వెంటనే టెన్షన్ పడొద్దు. మన డెల్టా నల్లమట్టిలో పైల్ పునాదికి చాలా డబ్బు భూమిలోకే పోతుంది. స్థలం ఖర్చూ కంటికి కనిపించదు. అందుకే సర్టిఫికెట్‌లో ఈ రెండూ విడిగా ఎంతో చూడండి.

నేనైతే ముందు జమల వైపే చూస్తాను. మీరందరూ కట్టిన వాయిదాల రసీదులు తేదీలవారీగా పక్కన పెట్టుకోండి. రసీదు ఉండి జమ లేకపోతే ఆ డబ్బు వేరే ఖాతాకు వెళ్లి ఉండొచ్చు. బిల్డర్ సొంత సంస్థకు వెళ్లిన మొత్తమే కొద్ది రోజుల్లో మళ్లీ జమగా కనిపిస్తే, అది కొత్త వసూలు కాకపోవచ్చు. పంపినవారి పేరు తప్పక చూడండి.