పళ్లు చెప్పేది, పళ్లు చెప్పనిది

విజయనగరం

చిరంజీవి మాధవికి పెదనాన్న దీవించి వ్రాయునది.

ఇక్కడ అందరం కులాసా. నువ్వు మీ బడిలో పాత స్టాంపుల ప్రదర్శన పెడుతున్నావనీ, కళింగపట్నం నుంచి సోంపేట దాకా తెలిసిన ప్రతి ఇంటివారినీ తమ దగ్గరున్న స్టాంపుల ఫొటోలు పంపమన్నావనీ, ఏది ఏ దేశానిదో ఏ కాలానిదో నువ్వే తేల్చి కింద చీటీ రాస్తున్నావనీ మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో ఇంకొకరికి ఈ ఆసక్తి పుట్టిందని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు వాడు నీ చీటీ ఒకటి నా ఫోనుకు పంపాడు. అందులో గాంధీగారి ఊదారంగు స్టాంపు, విలువ మూడున్నర అణాలు. దాని కింద నువ్వు రాసిన మాట: "ఇండియా, 1948. అంచు పళ్లు మరీ వెడల్పుగా ఉన్నాయి కాబట్టి నకిలీ కావచ్చు." అది చదివాక రెండో రాత్రి కూడా నిద్ర పట్టలేదు, కారణం మాత్రం వేరు. ఆ చీటీని ఆ ఇంటివారికి ఇంకా పంపకపోతే, ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా పంపకు.

తెలిసిన సంగతులు ముందు క్లుప్తంగా చెప్తాను. ముందు దేశం పేరు చదవాలి. పేరే లేకుండా రాణి తలో రాజు తలో మాత్రమే ఉంటే అది బ్రిటన్ స్టాంపు, ఎందుకంటే తమ స్టాంపు మీద దేశం పేరు వేయనక్కరలేని దేశం అదొక్కటే. తరువాత విలువ చదవాలి. మన స్టాంపు మీద అణా ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది, నయా పైసా ఉంటే ఆ తరువాతది, "నయా" పోయి పైసా మాత్రమే మిగిలితే 1964 తరువాతది. అయితే అణా కనబడగానే ఇండియా అనుకోకూడదు. బర్మాలోనూ అణాలే నడిచాయి, పాకిస్తాన్‌లో 1961 దాకా నడిచాయి.

బర్మా మాట ఎత్తాను కనుక ఒకటి చెప్పాలి. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీసినప్పుడు, కొత్త స్టాంపులు తయారయ్యేదాకా మన జార్జి రాజు స్టాంపుల మీదే నల్లసిరాతో బర్మా అని అచ్చుగుద్ది వాడారు. రంగూన్ వెళ్ళిన మా తాతగారు మా నాయనమ్మకు రాసిన కవర్ల మీద అవే ఉండేవి. పోస్టు ముద్ర ఆ అక్షరాల మీద పడితే ఫొటోలో రెండూ ఒకే మరకలా కనిపిస్తాయి, చూసినవాడు ఇండియా అని రాసేస్తాడు. మన వైపు ఇళ్లనుంచి వచ్చే జార్జి స్టాంపులలో కొన్ని తప్పకుండా అటువంటివి ఉంటాయి. నలుపు మీద నలుపు కనిపించిన చోట ఫొటోను పెద్దది చేసి చూడు.

ఇక పళ్లు, అంటే స్టాంపు చింపడానికి పొడిచిన రంధ్రాల మధ్య అంచున మిగిలే పళ్ల సంగతి. నువ్వు లెక్కపెట్టావన్నందుకే నాకు గర్వంగా ఉంది, ఎందుకంటే చాలామంది రంగు చూసి, బొమ్మ చూసి ఆగిపోతారు. పెర్ఫొరేషన్ 14 అంటే రెండు సెంటీమీటర్ల పొడవులో పద్నాలుగు రంధ్రాలు అని అర్థం. అది స్టాంపు అంచు మొత్తం మీద ఉన్న పళ్ల సంఖ్య కాదు. ఫొటోలో స్కేలు లేకపోతే రెండు సెంటీమీటర్లు ఎంతో ఎలా తెలుస్తుందని నువ్వు అడుగుతావు. అదే ఫొటోలో సంగతి తెలిసిన స్టాంపు ఇంకొకటి ఉంటే చాలు. నీ ఫొటోలో అదృష్టవశాత్తు గాంధీగారి పక్కనే ఐదవ జార్జి ఒక అణా స్టాంపు ఉంది. దాని పెర్ఫొరేషన్ 14 అని మనకు తెలుసు. కాబట్టి దాని పద్నాలుగు రంధ్రాల దూరం, ఆ ఫొటో ఎంత పెద్దదైనా చిన్నదైనా, సరిగ్గా రెండు సెంటీమీటర్లు.

నేను చేసింది ఇది. ఫోను తెర మీద ఫొటోను పెద్దది చేసి, తెల్లకాగితం ముక్క అంచును జార్జి స్టాంపు నిలువు అంచుకు ఆనించి, ఒక రంధ్రం నడుమ నుంచి మొదలుపెట్టి, దానిని సున్నాగా లెక్కించి, పద్నాలుగో రంధ్రం నడుమ దాకా పెన్సిలుతో రెండు గీతలు గీశాను. ఫొటో పరిమాణం మార్చకుండా పక్కకు జరిపి, అదే కాగితాన్ని గాంధీగారి స్టాంపు అంచుకు ఆనించి ఆ గీతల మధ్య లెక్కపెట్టాను. పదకొండు రంధ్రాలు దాటి, పన్నెండోదానికి సగం దూరంలో గీత ఆగింది. అంటే పదకొండున్నర. అడ్డం అంచు మీదా అదే వచ్చింది. ఈ పద్ధతి పనిచేయాలంటే రెండు స్టాంపులూ ఒకే కాగితం మీద చదునుగా ఉండాలి, ఫోను నిటారుగా పైనుంచి పట్టాలి. పక్కకు వాల్చి తీస్తే దూరంగా ఉన్న అంచు కుంచించుకుపోయి, అక్కడి పళ్లు లేని సన్నదనం చూపిస్తాయి. ఒకే స్టాంపు పై అంచునూ కింది అంచునూ కొలిచి, పొడవు తేడా వస్తే ఆ ఫొటో మీద లెక్క వేయకు, మళ్ళీ తీయమని అడుగు.

నీ లెక్క తప్పు కాదు, తల్లీ. ఆ స్టాంపు పళ్లు నిజంగానే వెడల్పైనవి. ఆ తరువాత నువ్వు వేసిన అడుగే తప్పు, అదే అడుగు నేను నీకన్నా ముందు వేశాను.

అప్పటికి నేను శ్రీకాకుళంలో ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. స్టాంపుల గురించి నాకు తెలియనిది లేదనుకునే వయసు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే మా మేనమామ వరస ఒకాయన తన ఆల్బంలో ఒక పేజీని ఫొటో తీయించి, కడిగించి, పోస్టులో పంపి, ఇవి దాచదగినవేనా చూసి చెప్పమని రాశారు. ఆ పేజీలో పై వరుసలో జార్జి స్టాంపులు, కింది వరుసలో గాంధీగారి నాలుగూ ఉన్నాయి: ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. భూతద్దం పెట్టి నేనూ నీలాగే పోల్చి చూశాను. పై వరుస పద్నాలుగు, కింది వరుస పదకొండున్నర. మన స్టాంపులు నాసిక్ సెక్యూరిటీ ప్రెస్‌లో అచ్చవుతాయని నాకు తెలుసు, నాసిక్ స్టాంపులకు పద్నాలుగు పళ్లుంటాయని అనుభవం వల్ల అనుకున్నాను, కాబట్టి కింది వరుస ఎవరో బయట అచ్చువేసిన నకిలీ అని తేల్చుకున్నాను. పైగా గాంధీగారి నాలుగు బిళ్ళల మీద అచ్చు ఎంత మెత్తగా, నునుపుగా ఉందంటే, మన వాడుక స్టాంపులలో నేను అటువంటిది చూడలేదు. ఆ నునుపును కూడా అనుమానానికి సాక్ష్యంగా లెక్కవేశాను. "కింది వరుస దొంగ సరుకు, దాచనక్కరలేదు" అని కార్డు ముక్క మీద రెండు వాక్యాలు రాసి పోస్టు చేశాను.

ఆయన నా మాట నమ్మారు. పోస్టాఫీసులో పనిచేసే అల్లుడు చెప్పాడు కదా, నమ్మక ఏం చేస్తారు? ఆ నాలుగూ ఊడదీసి పిల్లల చేతికిచ్చేశారు. పిల్లలు వాటిని నోటు పుస్తకం అట్ట మీద అన్నం మెతుకులతో అంటించుకున్నారు.

నాలుగేళ్ల తరువాత ఒక స్నేహితుడి ఇంట్లో స్టాంపుల కేటలాగు తిరగేస్తుంటే ఆ పేజీ వచ్చింది. 1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండిన రోజున, గాంధీగారి స్మృతిగా విడుదలైన నాలుగు స్టాంపులు. హిందీలోనూ ఉర్దూలోనూ బాపూ అని రాసి ఉన్నవి. అచ్చువేసినది నాసిక్ కాదు, స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే ముద్రణశాల, ఫొటోగ్రావ్యూర్ పద్ధతిలో. పెర్ఫొరేషన్ పదకొండున్నర. నేను భూతద్దంతో లెక్కపెట్టిన అంకె అక్కడ అచ్చై ఉంది. నకిలీకి రుజువని నేను చూపించినదే వాటి అసలుతనానికి సరిపోయే గుర్తు. ఆ మరుసటి ఆదివారమే రైలెక్కి ఖరగ్‌పూర్ వెళ్ళి చెప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. లోపలికి వెళ్ళి ఆ నోటు పుస్తకం అట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. పది రూపాయల బిళ్ళ మీద చిన్నపిల్ల ఎవరో పెన్సిలుతో కళ్లజోడు దిద్దింది. అది ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

ఇది ఇంత పొడవుగా ఎందుకు చెప్పానంటే, పళ్లు చెప్పేది రంధ్రాలు పొడిచిన యంత్రం సంగతి. దేశం సంగతి కాదు, ఒక్కోసారి కాలం సంగతి కూడా కాదు. నీ జార్జి ఒక అణానే చూడు. ఆ స్టాంపులు మొదట లండన్‌లో డి లా రూ ముద్రణశాలలో అచ్చయ్యాయి, 1926 నుంచి నాసిక్‌లో అచ్చయ్యాయి, అక్కడా పద్నాలుగే, ఇక్కడా పద్నాలుగే. ఏది ఎక్కడిదో చెప్పేది కాగితంలోని వాటర్‌మార్క్: లండన్ వాటిలో స్టాంపుకు ఒకే నక్షత్రం, నాసిక్ వాటిలో చిన్న నక్షత్రాలు చాలా. అది వెనుక నుంచి వెలుతురులో పెట్టి చూస్తేనే తెలుస్తుంది, ముందు వైపు తీసిన ఫొటోలో ఎన్నటికీ కనబడదు. కాబట్టి ఆ స్టాంపు చీటీ మీద "ఇండియా, ఐదవ జార్జి కాలం" అని రాసి ఆగు. సంవత్సరం రాయకు.

అలాగని పదకొండున్నర వచ్చింది కాబట్టి గాంధీగారిది అసలుదని కూడా వెంటనే రాయకు. ఆ వరుసకు, ముఖ్యంగా పది రూపాయలదానికి, నకిలీలు చాలా ఉన్నాయి. వాటిని పట్టించేది అచ్చు. ఫొటోగ్రావ్యూర్‌లో రంగు, నీడ మెత్తగా కలిసిపోయి ఉంటాయి. మామూలు ఆఫ్‌సెట్‌లో అచ్చువేసిన నకిలీలో గాంధీగారి చెంప మీద చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నలిగిపోయి ఈ తేడా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఫొటోను డాక్యుమెంటుగా పంపమని ఆ ఇంటివారిని అడుగు, మొహం భాగం పెద్దది చేసి చూడు. అప్పటికీ తేలకపోతే, స్టాంపును చూడటానికి నువ్వే వెళ్ళు. టెక్కలి నుంచి బస్సులో గంట ప్రయాణమైనా సరే.

ఇంకొక భయం ఉంది, అది కూడా చెప్పేస్తాను. ఫొటో బాగా రావాలని ఎవరూ కవరు మీది స్టాంపును కత్తిరించకుండా చూడు. గాంధీగారి మూడున్నర అణాల విలువ విదేశాలకు రాసే ఉత్తరాలకు సరిపోయే విలువ. కవరుతో ఉంటే పోస్టు ముద్ర మీద ఊరూ తేదీ దొరుకుతాయి, ఉత్తరం ఎక్కడికి వెళ్ళిందో చిరునామా చెబుతుంది. కత్తిరించాక మనకు మిగిలేది పళ్లు, రంగు, అంకె మాత్రమే. మన నాయనమ్మ పెట్టెలోని రంగూన్ కవర్లను ఎవరో స్టాంపుల కోసం కత్తిరించేశారు. తాతగారి ఆఖరి ఉత్తరం ఏ నెలలో వచ్చిందో ఈ రోజుకీ మన ఇంట్లో ఎవరికీ తెలియదు.

నీ చీటీని ఇలా మార్చు: "ఇండియా, 1948 ఆగస్టు 15న విడుదలైనది. పెర్ఫొరేషన్ పదకొండున్నర, అసలుదానికి సరిపోతుంది. ఫొటో చూసి మాత్రమే చెప్పినది, అచ్చు ఇంకా పరీక్షించలేదు." ఆఖరి వాక్యం చిన్న అక్షరాలతో రాయకు.

నా పారదర్శకపు పెర్ఫొరేషన్ గేజిని మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను. స్టాంపు చేతికి దొరికినప్పుడు కాగితం ముక్కతో పనిలేదు, దానిని పైన పెట్టి జరిపితే గీతలూ రంధ్రాలూ కలిసిన చోట అంకె కనబడుతుంది. ఎండలో ఉంచకు, ప్లాస్టిక్కు వంగిపోతుంది. బడికి సెలవులివ్వగానే ఒకసారి ఇక్కడికి రా, ఆ నోటు పుస్తకం అట్ట నీకు చూపిస్తాను.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న