నెలకు ఎంత అని కాదు, ఎన్ని నెలలు అని చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. అమెరికాలో పీహెచ్‌డీకి రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకచోట టీచింగ్ అసిస్టెంట్‌షిప్, నెలకు 2,667 డాలర్లు, తొమ్మిది నెలలు. ఇంకోచోట రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, నెలకు 2,500, పన్నెండు నెలలు. రెండుచోట్లా ట్యూషన్ ఫీజు మాఫీ. మొదటిదే మేలు కదండీ?
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: తొందరపడకండి. మొదటి ఆఫర్ ఏడాదికి 24,000 డాలర్లు, రెండోది 30,000. అద్దె ఎండాకాలం సెలవుల్లోనూ కట్టాలి కాబట్టి, మొదటిది నిజానికి నెలకు 2,000 మాత్రమే. పైగా ట్యూషన్ మాఫీ అయినా స్టూడెంట్ ఫీజులు, హెల్త్ ఇన్సూరెన్స్ చాలాచోట్ల విడిగా కట్టాలి. అవి ఏడాదికి 1,800 అనుకుంటే చేతికొచ్చేది నెలకు 1,850. సైన్స్ విభాగాల్లో 25,000 నుంచి 40,000 దాకా ఇచ్చేవి ఎక్కువ కనిపిస్తాయి గానీ, ఊరి అద్దెలు తెలియకుండా ఆ అంకెతో ఏమీ తేలదు.

ఇక పని. మామూలుగా రెండింటికీ వారానికి 20 గంటలని రాస్తారు. సెమిస్టర్ నడుస్తుండగా ఎఫ్-1 వీసా మీద క్యాంపస్‌లో చేయగలిగేదీ అంతే. అంటే లోటు పడితే ఇంకో పని చేసి పూడ్చుకునే దారి ఉండదు.

కెమిస్ట్రీలో టీఏ అంటే చాలావరకు ల్యాబ్ క్లాసులే. ఇరవై మంది చొప్పున రెండు బ్యాచ్‌లు, ఒక్కోటి మూడు గంటలు అనుకుందాం. నలభై రిపోర్టులు పది నిమిషాల చొప్పున దిద్దినా దాదాపు ఏడు గంటలు. ప్రిపరేషన్‌కు రెండు, పిల్లల సందేహాలకు రెండు. మామూలు వారంలో పదిహేడుకు చేరుతుంది, పరీక్షల వారంలో ఇరవై దాటేస్తుంది. సొంత పరిశోధన ఆ తర్వాతే. చాలాచోట్ల ఇంగ్లిష్‌లో మాట్లాడే పరీక్ష పాసైతేనే క్లాసు ఇస్తారన్నది కూడా గుర్తుంచుకోండి.

ఆర్ఏలో ఆ ఇరవై గంటలు కాగితం మీదే. ప్రాజెక్టే థీసిస్ అయితే రోజంతా ల్యాబ్‌లోనే ఉంటుంది, కానీ ప్రతి గంటా తన డిగ్రీకే పనికొస్తుంది. ప్రాజెక్టు వేరు, థీసిస్ వేరు అయితే మాత్రం రెండు బరువులు మోయాలి. ఇంకో ముప్పు, డబ్బు ప్రొఫెసర్ గ్రాంట్ నుంచి వస్తుంది. గ్రాంట్ ముగిసినా, గైడ్‌ను మార్చుకున్నా ఆగిపోవచ్చు. టీఏ డబ్బు డిపార్ట్‌మెంట్ ఇస్తుంది కాబట్టి ఆ భయం తక్కువ.

నేనైతే రెండో ఆఫర్ వైపే మొగ్గుతాను, ఒక షరతు మీద. గ్రాంట్ ఇంకా ఎన్నేళ్లుంది, అది అయిపోతే డిపార్ట్‌మెంట్ టీఏ ఇస్తుందా, ఈ ప్రాజెక్టు థీసిస్ అవుతుందా అని మీ అమ్మాయి ఈమెయిల్‌లో అడగాలి, జవాబు రాతపూర్వకంగా రావాలి. మొదటి చోట వేసవి డబ్బు సంగతి అక్కడి సీనియర్లను అడగమనండి, ఉన్నది ఉన్నట్టు చెప్పేది వాళ్లే. చాలా యూనివర్సిటీలు ఇలాంటి ఆఫర్లకు ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. ఈలోపే సంతకం పెట్టమని ఎవరైనా తొందరపెడితే, ఆ గడువు వాళ్లకు వర్తిస్తుందో లేదో గ్రాడ్యుయేట్ స్కూల్‌ను నేరుగా అడగవచ్చు.